మూడుసార్లు తట్టిన తరువాత

మా ఆపా కొడుకు హైదరాబాదులో ఓ మోస్తరు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగులను ఎంపిక చేసే విభాగంలో పనిచేస్తున్నాడు. ఒక జుమా రోజు నమాజు అయ్యాక నేరుగా మా ఇంటికి వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. సలాం చెప్పి కూర్చుని, ఫోను నా చేతిలో పెట్టాడు. "మామూ! ఈ మెసేజ్ పంపడం ధర్మసమ్మతమేనా, కాదా చెప్పండి. పంపడానికి వేలు పైనే ఉంది" అన్నాడు.

సంగతి ఇది. వాళ్ల కంపెనీలో ఒక ఖాళీ ఏర్పడింది. తొమ్మిది మందిని ఇంటర్వ్యూ చేశారు. కర్నూలుకు చెందిన ఒక ముస్లిం యువకుడిని ఎన్నుకున్నారు. అతనికి అప్పటి జీతం ఏడాదికి 7 లక్షలు, వీళ్లు ఇస్తామన్నది 9 లక్షల 50 వేలు. జనవరి 6న ఆఫర్ లెటర్ పంపారు. 8న సంతకం చేసి తిప్పి పంపాడు. 10న పాత కంపెనీ తన రాజీనామాను అంగీకరించినట్లున్న మెయిలు కూడా పంపాడు. నోటీస్ పీరియడ్ అరవై రోజులు కాబట్టి మార్చి 10న చేరాలి. ఫిబ్రవరి 5న మావాడు ఫోన్ చేస్తే, "తప్పకుండా వస్తాను సార్, ఇన్షా అల్లాహ్" అన్నాడట. అదే ఆఖరి మాట. 12వ తేదీన ఫోను మోగింది, ఎత్తలేదు. వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ చదివినట్లు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. 14న మెయిలు పంపాడు, దానికీ జవాబు లేదు. మధ్యలో మరో ఆరేడు ఫోన్లు కూడా చేశాడు.

మా వాడు రాసుకున్న మెసేజ్ ఏమిటంటే: "రేపు సాయంత్రంలోగా జవాబివ్వకపోతే మీ మేనేజరుకు ఫోన్ చేసి మీరు మా ఆఫర్ తీసుకున్న సంగతి చెబుతాను. హైదరాబాదులో నాకు తెలిసిన కన్సల్టెన్సీలన్నిటికీ మీ పేరు పంపుతాను. ఇన్షా అల్లాహ్ అని మోసం చేసినందుకు అల్లాహ్‌కు సమాధానం చెప్పుకోండి."

"పంపకు" అన్నాను. "అయితే అతను చేసింది తప్పు కాదా?" అన్నాడు. తప్పే. అతని తప్పు ఒకటి, దానికి నువ్వు చేయబోయేది మరొకటి. రెండింటినీ విడివిడిగా చూడాలి అని చెప్పి ఆ రోజు అసర్ వరకూ కూర్చున్నాం. ఆనాటి సంభాషణలో తేలిన విషయాలే ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్లలో ఇప్పుడు ఉద్యోగం వెతుక్కునే పిల్లలూ ఉన్నారు, ఉద్యోగం ఇచ్చే చోట కూర్చున్న పిల్లలూ ఉన్నారు.

ముందు యువకుడి సంగతి. ఆఫర్ లెటర్ మీద సంతకం చేసి పంపడం ఉత్త మాట ఇవ్వడమా, లేక ఒప్పందమా? ధర్మశాస్త్రంలో ఈ రెండింటికీ తేడా ఉంది. మాట ఇవ్వడాన్ని వఅద్ అంటారు. ఒక పక్షం ప్రతిపాదించి, రెండో పక్షం అంగీకరిస్తే అది అఖ్ద్, అంటే ఒప్పందం. జీతం ఎంతో, పని ఏమిటో, ఏ తేదీన మొదలవుతుందో స్పష్టంగా రాసి ఉన్న కాగితం మీద రెండు పక్షాలూ సంతకం చేశాయంటే అది ఉత్త మాట స్థాయిని దాటిపోయింది. పని రెండు నెలల తరువాత మొదలవుతుందన్నంత మాత్రాన అది ఒప్పందం కాకుండా పోదు. భవిష్యత్తులో ఒక తేదీ నుండి మొదలయ్యే ఇజారా (కూలి ఒప్పందం) చెల్లుతుందని హనఫీ పండితులు రాశారు. మూసా (అలై) మద్‌యన్‌లో ఒక వృద్ధుని దగ్గర ఎనిమిదేళ్లు పనిచేయడానికి, ఇష్టమైతే పదేళ్లు పూర్తి చేయడానికి ఒప్పుకున్న ఘట్టం ఖసస్ సూరాలో ఉంది. అక్కడ పని, గడువు, ప్రతిఫలం అన్నీ ముందే తేల్చుకున్నారు. ఆ తరువాత అల్లాహ్‌నే సాక్షిగా పెట్టుకున్నారు. మాయిదా సూరా మొదటి ఆయతులోనే విశ్వాసులకు ఒప్పందాలు నెరవేర్చమని ఆజ్ఞ ఉంది. బనీ ఇస్రాయీల్ సూరా 34వ ఆయతులో వాగ్దానం గురించి ప్రశ్నించడం జరుగుతుందన్న హెచ్చరిక ఉంది.

కొందరు అంటారు, "అది పెద్ద కంపెనీ, వాళ్లకేం నష్టం? పైగా వాళ్లు ముస్లిములు కూడా కాదు" అని. ఈ మాట అనేవాళ్లు హజ్రత్ హుజైఫా (రజి) ఉదంతం తెలుసుకోవాలి. ఆయన, ఆయన తండ్రి మదీనాకు వస్తుండగా ఖురైషులు పట్టుకున్నారు. మదీనాకు వెళ్తాం కానీ ముహమ్మద్ (స) పక్షాన యుద్ధం చేయం అని మాట తీసుకుని వదిలిపెట్టారు. బద్ర్ యుద్ధం దగ్గరపడింది. ముస్లిముల సంఖ్య చాలా తక్కువ, ఒక్కొక్క మనిషీ అవసరమే. అయినా దైవప్రవక్త (స) ఆ తండ్రీకొడుకులిద్దరినీ ఇచ్చిన మాట మీద నిలబడమని యుద్ధానికి దూరంగా ఉంచారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ప్రాణాలు తీయడానికి వస్తున్న శత్రువుకు, అదీ నిర్బంధంలో ఇచ్చిన మాటకే అంత విలువ ఉంటే, మనకు అన్నం పెట్టబోయే సంస్థకు మనసారా ఇచ్చిన సంతకానికి విలువ లేదనడం ఎలా కుదురుతుంది?

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సంతకం పెట్టినవాడు ఎట్టి పరిస్థితిలోనూ వెనక్కి తగ్గకూడదని ధర్మం చెప్పదు. నిజమైన ఉజ్ర్, అంటే సాకు కాని అడ్డంకి వస్తే ఇజారా ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చని హనఫీ ఫిఖా చెబుతుంది. తండ్రికి జబ్బు చేసి ఊరు కదలలేని స్థితి వచ్చిందనుకోండి, అది ఉజ్ర్. పాత కంపెనీ జీతం పెంచింది కాబట్టి మనసు మారింది అన్నది ఉజ్ర్ కాదు, కేవలం కోరిక. కానీ కోరిక కలిగినవాడికి కూడా ఒక మార్గం ఉంది. దాని పేరు ఇఖాలా. కుదిరిన బేరాన్ని వదిలేయమని రెండో పక్షాన్ని మర్యాదగా అడగడం, వాళ్లు సంతోషంగా వదిలేయడం. అలా తోటివాడి బేరాన్ని వాపసు తీసుకున్నవాడి తప్పులను అల్లాహ్ ప్రళయ దినాన క్షమిస్తాడన్న భావంలో అబూ దావూద్, ఇబ్నె మాజాలలో హదీసు ఉంది. అంటే అడగడం అవమానం కాదు, ఒప్పుకోవడం పుణ్యం.

కాబట్టి ఈ యువకుడి అసలు తప్పు మనసు మార్చుకోవడంలో కన్నా, నోరు మూసుకోవడంలో ఎక్కువ ఉంది. లెక్క వేసి చూడండి. ఫిబ్రవరి 6నే "సార్, నేను రాలేను, క్షమించండి" అని ఒక్క ముక్క రాసి ఉంటే కంపెనీకి మరొకరిని వెతుక్కోవడానికి ముప్ఫై రోజుల పైగా సమయం ఉండేది. మార్చి 9 రాత్రి దాకా మౌనంగా ఉంటే ఒక్క రోజు కూడా ఉండదు. మనసు మారడం వల్ల జరిగే నష్టం ఒకసారి జరిగి ఆగిపోతుంది. మౌనం వల్ల జరిగే నష్టం మాత్రం రోజుకొకింత పెరుగుతూ పోతుంది. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖా అకాడమీ కూడా ఇదే దారిలో ఆలోచించింది. వాగ్దానం ఉజ్ర్ ఉంటే తప్ప ధార్మికంగా నెరవేర్చవలసినదేననీ, ఆ వాగ్దానాన్ని నమ్మి రెండో పక్షం ఖర్చులో పడితే, కారణం లేకుండా తప్పినవాడు ఆ వాస్తవ నష్టానికి బాధ్యుడవుతాడనీ తీర్మానించింది. వఅద్‌కే ఈ మాట అన్నారు. సంతకం చేసిన ఒప్పందం సంగతి మనమే ఊహించుకోవచ్చు.

ఇన్షా అల్లాహ్ గురించి కూడా ఒక మాట. రేపు ఫలానా పని చేస్తానని అనేటప్పుడు అల్లాహ్ తలిస్తే అని చేర్చమని కహఫ్ సూరా నేర్పింది. అది మన అశక్తతను ఒప్పుకోవడం. దాన్ని "చేయకపోయినా నన్నడగొద్దు" అనే అర్థంలో వాడుకునే అలవాటు మనలో ఎంతగా పాతుకుపోయిందంటే, ముస్లిమేతర సోదరులు కొందరు "ఇన్షా అల్లాహ్ అన్నాడంటే ఇక రాడు" అని నవ్వుకుంటున్నారు. నాకు మాత్రం ఆ నవ్వు వింటే ఒళ్లు మండుతుంది, నవ్వేవాళ్ల మీద కాదు.

ఇక మా వాడి వైపు వద్దాం. జవాబు రాని మనిషి వెంట ఎంతవరకూ పడవచ్చు? దీనికి మన ధర్మంలో నేరుగా ఒక కొలత ఉందని చెబితే వాడు ఆశ్చర్యపోయాడు. ఇతరుల ఇంటికి వెళ్లినప్పుడు అనుమతి అడిగే పద్ధతి నూర్ సూరా 27, 28 ఆయతుల్లో ఉంది. అనుమతి లేకుండా లోపలికి పోరాదు, తిరిగి పొమ్మంటే తిరిగిపోవాలి, అదే మీకు పరిశుద్ధమైన పద్ధతి అని అక్కడ భావం. ఎన్నిసార్లు అడగాలి అన్నది హదీసు చెప్పింది. మూడుసార్లు. ఒకసారి హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఖలీఫా ఉమర్ (రజి) ఇంటి ముందు మూడుసార్లు అనుమతి అడిగారు. ఆయన ఏదో పనిలో ఉండి జవాబివ్వలేదు. అబూ మూసా (రజి) వెనుదిరిగి వెళ్లిపోయారు. తరువాత ఉమర్ (రజి) పిలిపించి ఎందుకు వెళ్లిపోయావని అడిగితే, మూడుసార్లు అడిగినా అనుమతి రాకపోతే తిరిగిపొమ్మని దైవప్రవక్త (స) చెప్పారన్నారు. దానికి సాక్షిని తెమ్మని ఉమర్ (రజి) పట్టుబడితే, హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) వచ్చి సాక్ష్యం చెప్పారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ సంఘటన ఉంది.

ఈ సంఘటనలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది ఏమిటంటే, లోపల మనిషి ఉన్నాడు. అబూ మూసా (రజి)కి పని కూడా ఉండే ఉంటుంది. అయినా నాలుగోసారి తట్టలేదు, కిటికీలోంచి తొంగి చూడలేదు, పక్కింటివాళ్లకు ఫిర్యాదు చేయలేదు, ఉమర్ (రజి) గురించి చెడుగా అనుకోలేదు. ఇలాంటిదే మరొకటి అబూ దావూద్‌లో ఉంది. దైవప్రవక్త (స) హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) ఇంటికి వెళ్లి సలాం చెప్పారు. సఅద్ (రజి) బయటికి వినపడకుండా మెల్లగా జవాబిచ్చారు. మూడోసారి తరువాత ప్రవక్త (స) తిరిగి వెళ్లిపోతుంటే సఅద్ (రజి) వెనకే పరిగెత్తుకొచ్చి, తమ సలాములు మరికొన్ని పొందాలనే ఆశతోనే అలా చేశానని విన్నవించుకున్నారు. తలుపు అవతల మౌనం వెనుక ఏముందో ఇవతల నిలబడ్డవాడికి తెలియదు. ప్రేమ కూడా ఉండవచ్చు.

ఫోను కూడా ఒక తలుపే. ఆ లెక్కన మా వాడు మూడు కాదు, పది సార్లు తట్టాడు. కానీ ఆ పదిలో ఒక్కటి కూడా సరిగా తట్టినది కాదు. "కాల్ మీ", "అప్‌డేట్ ప్లీజ్", "ఎందుకు ఎత్తడం లేదు" ఇవే మెసేజ్‌లు. జవాబివ్వడానికి సిగ్గుపడుతున్న మనిషికి ఇలాంటివి వచ్చేకొద్దీ ఫోను వైపు చూడాలంటేనే భయం వేస్తుంది. అందుకని మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టి, మూడంటే మూడే మెసేజ్‌లు పంపమన్నాను. ఒక్కోదానికీ మధ్య మూడు రోజులైనా ఉండాలి. ఒక్కోదాని పని వేరుగా ఉండాలి.

మొదటిది 18వ తేదీన వెళ్లింది. అందులో ఉద్యోగం ఊసే లేదు. "అస్సలాము అలైకుం. వారం రోజులుగా మీతో మాట్లాడలేకపోయాను. మీరు, ఇంట్లోవాళ్లు క్షేమంగా ఉన్నారా? అంతా బాగుందని ఒక్క మాట రాస్తే చాలు." ఇది నెపం కోసం కాదు. నిజంగానే ఏ ప్రమాదమో జరిగి ఉండవచ్చు, ఇంట్లో ఎవరికో బాగా లేకపోవచ్చు. సలాంకు అంతకంటే మంచి సలాంతో, కనీసం అదే మాటతో జవాబివ్వమని నిసా సూరా 86వ ఆయతులో ఆజ్ఞ ఉంది. అతను ముస్లిం కనుక ఆ ద్వారం ద్వారా అతన్ని పలకరించడంలో తప్పులేదు. జవాబు రాలేదు.

అతన్ని కంపెనీకి పరిచయం చేసిన మిత్రుడు ఒకడున్నాడు. అతన్ని అడగవచ్చా అన్నాడు మా వాడు. ఒక్క ప్రశ్న అడగవచ్చు, "అతను క్షేమమేనా?" అని. క్షేమమే అంటే అక్కడితో ఆగాలి. ఇంకెక్కడైనా ఆఫర్ వచ్చిందా, పాత కంపెనీ జీతం పెంచిందా అని ఆరా తీయడం మొదలుపెడితే అది తజస్సుస్, హుజురాత్ సూరా 12వ ఆయతు నిషేధించిన గూఢచర్యం. మా వాడు అడిగాడు. "నిన్ననే క్రికెట్ ఆడాం" అన్నాడట ఆ మిత్రుడు. మా వాడికి మళ్లీ కోపం వచ్చింది.

రెండోది 21న. ఇందులో జవాబివ్వడం తేలిక చేయాలి. "మార్చి 10న మీ చేరిక గురించి రాస్తున్నాను. మూడింటిలో ఒక్క అంకె పంపండి చాలు. 1 అంటే తేదీకి వస్తాను. 2 అంటే వస్తాను కానీ కొంత గడువు కావాలి. 3 అంటే రాలేను. 3 అయితే కారణం చెప్పనవసరం లేదు, నేను అడగను." ఈ చివరి వాక్యం రాయడానికి మా వాడు చాలాసేపు ఒప్పుకోలేదు. కారణం తెలుసుకోవడం మా హక్కు కాదా అన్నాడు. కారణం చెప్పాలన్న భయమే నోరు కట్టేస్తుంది బేటా, నీకు కావలసింది కారణమా, జవాబా అని అడిగాను. నిజానికి ఈ విభాగంలో అనుభవం ఉన్నవాళ్లకు తెలుసు, ఇలాంటి మౌనానికి మామూలుగా ఉండే కారణాలు రెండు మూడే. పాత కంపెనీ జీతం పెంచి ఆపుకోవడం, మూడో కంపెనీ ఇంకా ఎక్కువ ఇస్తాననడం, లేదా ఇంట్లోవాళ్లు వద్దనడం. రాజీనామా కాగితం చూపించడం ఆలస్యం చేసేవాడు, చేరిక తేదీని రెండోసారి జరపమనేవాడు, వారం వారం మాటల నిడివి తగ్గిస్తూ పోయేవాడు రాడని వాళ్లు ముందే పసిగడతారు. ఈ యువకుడు అవేవీ చేయలేదు, రాజీనామా మెయిలు రెండు రోజుల్లో పంపాడు. అంటే అప్పటికి అతని ఉద్దేశం నిజమైనదే. ఇది గుర్తించడం ముఖ్యం. మాట ఇచ్చేటప్పుడే తప్పాలనుకున్నవాడు వేరు, నిలబెట్టుకోవాలనుకుని తరువాత బలహీనపడినవాడు వేరు. కపటి లక్షణాల హదీసులో వాగ్దాన భంగం ఉన్నది నిజమే. కానీ మొదటి రకం మనిషికే ఆ మాట పూర్తిగా వర్తిస్తుందని చాలామంది పండితులు వివరించారు. ఎదుటివాడి మీద మునాఫిఖ్ అనే ముద్ర వేయడానికి మనం ఎవరం?

మూడోది 24న. "మీ నుండి జవాబు రానందున 27వ తేదీ సాయంత్రం 6 గంటల వరకు చూసి, ఆ తరువాత ఈ ఆఫర్‌ను ముగిస్తాం. అది ముగిశాక మీ మీద మాకు ఎలాంటి క్లెయిమూ ఉండదు. మీ వివరాలు ఎవరికీ ఇవ్వం. అల్లాహ్ మీ ఉపాధిలో బర్కత్ ప్రసాదించుగాక." ఇది బెదిరింపు కాదు, తేదీతో సహా చెప్పిన సమాచారం. గడువు పెట్టకపోతే అతను కూడా వేలాడుతూనే ఉంటాడు, కంపెనీ కూడా వేలాడుతూనే ఉంటుంది. గడువు పెట్టాక దానికి కట్టుబడాలి. 27 సాయంత్రం దాటాక నాలుగోసారి తట్టకూడదు.

ఇక మా వాడి పాత మెసేజ్‌లోని బెదిరింపుల సంగతి. పాత కంపెనీ మేనేజరుకు చెబుతానన్నాడు. అతను వేరే ఉద్యోగం చూసుకున్న విషయం నీకు ఎలా తెలిసింది? అతను నమ్మి చెప్పాడు కాబట్టి. ఆంతరంగిక సంభాషణలు అమానతు అన్న ప్రవక్త (స) బోధ అబూ దావూద్‌లో ఉంది. అతను నీకిచ్చిన మాట తప్పాడని నువ్వు అతని అమానతును బయటపెడితే ద్రోహానికి ద్రోహం చేసినట్లే. నీకు ద్రోహం చేసినవాడికి నువ్వు ద్రోహం చేయకు అన్న భావంలో హదీసే ఉంది. పైగా అతను అక్కడే ఆగిపోతే, నువ్వు చెప్పిన ఒక్క మాటతో ఆ ఉద్యోగమూ పోవచ్చు. పేరు కన్సల్టెన్సీలకు పంపుతానన్నది కూడా ఇంతే. నీకు జరిగిన నష్టం రెండు నెలల ఆలస్యం. నువ్వు తీయబోతున్నది అతని పదేళ్ల ఉపాధి. చట్టం కూడా ఇక్కడ మెత్తగానే ఉంది. ఒక మనిషిని బలవంతంగా ఉద్యోగంలో చేర్చి పనిచేయించమని మన దేశంలో కోర్టు ఆదేశించదు. మనిషి సామర్థ్యం మీద ఆధారపడిన ఒప్పందాలను అలా అమలు చేయరాదని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టమే చెబుతుంది. ఒకవేళ ఎవరైనా అడిగితే, ఉదాహరణకు మీ కంపెనీలోనే రేపు అతను మళ్లీ దరఖాస్తు చేస్తే, అప్పుడు జరిగింది జరిగినట్లు చెప్పవచ్చు. అడిగినవాడికి నిజం చెప్పడం సలహా. అడగనివాడికి చాటడం గీబత్.

27 సాయంత్రం గడిచింది. జవాబు రాలేదు. 28 ఉదయం మా వాడు జాబితాలో రెండో స్థానంలో ఉన్న గుంటూరు సోదరికి ఫోన్ చేశాడు. పిల్లల కోసం మూడేళ్లు ఉద్యోగం మానేసి మళ్లీ ప్రయత్నిస్తున్న ఆమె. ఫోన్ పెట్టేశాక సరాసరి నాకు ఫోన్ చేశాడు. గొంతు మారింది.

"మామూ! ఆమె ఏమన్నదో తెలుసా? 'సార్, జనవరిలో రెండుసార్లు మెయిలు పెట్టాను, ఫోన్ కూడా చేశాను. ఎంపికయ్యానో లేదో ఒక్క మాట చెప్పమన్నాను. మీ దగ్గరి నుంచి జవాబే రాలేదు' అన్నది."

నేనేమీ అనలేదు. వాడే అన్నాడు, తొమ్మిది మందిలో ఒక్కడికి మాత్రమే ఫలితం చెప్పానని, మిగిలిన ఎనిమిది మందికీ ఏమీ రాయలేదని, కంపెనీల్లో అది మామూలేనని.

మామూలే. తనకు రావలసినది కొలిచి తీసుకునేటప్పుడు పూర్తిగా తీసుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్ల గురించి ముతఫ్ఫిఫీన్ సూరా మొదలవుతుంది. ఆ ఆయతులను మనం కిరాణా కొట్టు తక్కెడకే పరిమితం చేశాం. జవాబు కూడా కొలిచి ఇచ్చే వస్తువే. ఒక అభ్యర్థి వారం రోజులు మౌనంగా ఉంటే నిలువెల్లా మండిపోయాడు మా వాడు. వాడి మౌనం కోసం ఒక తల్లి యాభై రోజులు ఎదురుచూసింది. ఆమెకు హైదరాబాదు కన్సల్టెన్సీలకు మా వాడి పేరు పంపే దారి కూడా లేదు. బలవంతుడి మౌనానికి మర్యాద పేరు, బలహీనుడి మౌనానికి మోసం పేరు పెట్టుకున్నాం. ఆ కర్నూలు కుర్రవాడు అంతకుముందు ఎన్ని కంపెనీల గుమ్మాల ముందు ఇలాగే జవాబు కోసం నిలబడ్డాడో మనకేం తెలుసు! ఇది అతని తప్పును మాఫీ చేయదు. కానీ ఈ అలవాటు వాళ్లకు నేర్పింది ఎవరన్నది కంపెనీల్లో కూర్చున్న మన పిల్లలు ఒకసారి అడగవలసిన ప్రశ్న.

గుంటూరు సోదరి వెంటనే ఒప్పుకోలేదు. జవాబు రాక, ఎదురుచూసి ఎదురుచూసి, పది రోజుల క్రితమే ఒక పాఠశాలలో కంప్యూటర్ టీచరుగా చేరింది. "వాళ్లకు మాట ఇచ్చాను సార్. వాళ్లను అడగకుండా మీకు అవునని చెప్పలేను. రెండు రోజులు టైమివ్వండి" అన్నది. మార్చి 2న ఆమే ఫోన్ చేసింది. పిల్లల వార్షిక పరీక్షలు అయ్యేదాకా ఉండి తరువాత వెళ్లమని హెడ్ మాస్టరు ఒప్పుకున్నారట. అంటే ఏప్రిల్ చివరికి గానీ రాలేదు. మా వాడి టీం లీడ్ ఇంకో నెలన్నరా అని సణిగాడు. మూడో స్థానంలో ఉన్నవాడిని పిలువు అన్నాడు. మా వాడు, "పాత యజమానిని అడిగి వచ్చే మనిషి రేపు మనల్ని కూడా అడగకుండా వెళ్లదు సార్" అన్నాడట. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు.

మార్చి 11న, అంటే చేరవలసిన తేదీ దాటిన మరునాడు, కర్నూలు యువకుడి దగ్గరి నుంచి మెయిలు వచ్చింది. పాత కంపెనీ జీతం లక్షన్నర పెంచిందట. అమ్మీ ఊరు దగ్గరే ఉండమన్నదట. చెప్పడానికి సిగ్గేసిందట. మూడు మెసేజ్‌లూ చాలాసార్లు చదివాడట, ముఖ్యంగా ఆ ఒకటి రెండు మూడు అంకెలు ఉన్నది. అయినా వేలు కదలలేదట. మాఫ్ చేయమని అడిగాడు. సిగ్గు విశ్వాసంలో భాగమే, కానీ నిజం చెప్పకుండా ఆపే సిగ్గు అది కాదని రాద్దామా అని మా వాడు నన్నడిగాడు. అక్కర్లేదు, అతనికి ఆ సంగతి తెలిసే రాశాడు అన్నాను. "మాఫ్ చేశాను, ఆఫర్ 27నే ముగిసింది, వఅలైకుం సలాం" అని రాసి పంపాడు.

ఆ రాత్రి ఇషా తరువాత కూర్చుని మిగిలిన ఏడుగురికీ విడివిడిగా మెయిళ్లు రాశాడు. ఎంపిక కాలేదని, ఈ మాట జనవరిలోనే చెప్పవలసిందని, ఆలస్యానికి క్షమించమని. ఏడుగురిలో ఇద్దరు జవాబిచ్చారు. ఒకరు, ఇలా చెప్పిన మొదటి కంపెనీ మీదేనని రాశారు. రెండోవారు ఒక్క పదమే రాశారు, "థాంక్స్" అని.